ఆర్వో నీళ్లతో కాఫీ: చప్పదనం ఎక్కడి నుంచి వస్తుంది, రెండు సీసాలతో దాన్ని ఎలా సరిచేయాలి

మంచి గింజలు తెచ్చి, అప్పటికప్పుడు పొడి చేసి, కొలత ప్రకారం కాచినా కాఫీ పేలవంగా వస్తోందంటే, గింజల్నీ గ్రైండర్‌నీ అనుమానించే ముందు ఒకసారి నీళ్ల సంగతి చూడాలి. బ్లాక్ కాఫీలో నూటికి తొంభై ఎనిమిది పాళ్లకు పైగా నీళ్లే. ఆ నీళ్లు ఆర్వో ప్యూరిఫయర్ నుంచి వస్తుంటే, అందులో కాఫీకి అవసరమైనవి దాదాపు ఏమీ మిగలకపోవచ్చు.

ఆర్వో మెంబ్రేన్ నీటిలో కరిగిన లవణాల్లో సాధారణంగా 90 శాతం నుంచి 98 శాతం వరకు ఆపేస్తుంది. అది మంచి లవణమా, చెడ్డ లవణమా అని చూడదు. ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివి పోయినట్టే కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ కూడా పోతాయి. తాగడానికి ఆ నీళ్లు శుభ్రమైనవే. కాఫీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ మూడూ లేని లోటు తెలుస్తుంది. వాటిలోనూ బైకార్బొనేట్ లేకపోవడమే పెద్ద లోటు. చాలామంది దీన్నే వదిలేసి మెగ్నీషియం గురించి మాట్లాడుకుంటారు.

చప్పదనం ఒకటి కాదు, రెండు

ముందు ఉత్త నీళ్ల రుచి చూద్దాం. మన నాలుక ఎప్పుడూ లాలాజలంలో తడిసి ఉంటుంది. లాలాజలంలో సోడియం, బైకార్బొనేట్ లాంటివి ఉంటాయి, నాలుక ఆ ఉప్పుకు అలవాటు పడి ఉంటుంది. ఏ లవణమూ లేని నీళ్లు నోట్లో పోస్తే ఆ అలవాటు స్థాయి ఒక్కసారిగా తగ్గుతుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్ రుచి లేనట్టుగా, కొందరికి కాస్త చేదుగా కూడా అనిపిస్తుంది.

కాఫీలో జరిగేది వేరు. ఖనిజాలు లేని నీళ్లలో డికాక్షన్ దిగదని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు. కెఫీన్, ఆమ్లాలు, చేదు పదార్థాలు ఆ నీళ్లలో కూడా బాగానే దిగుతాయి. తేడా వచ్చేది దిగిన ఆమ్లాల దగ్గర. మామూలు నీళ్లలో ఉండే బైకార్బొనేట్ ఆమ్లాల్లో కొంత భాగాన్ని అణిచేస్తుంది. ఈ అణిచే శక్తినే ఆల్కలినిటీ అంటారు. అది సున్నాకి దగ్గరగా ఉంటే ఆమ్లమంతా అలాగే నాలుక మీదికి వస్తుంది. తేలికగా వేయించిన గింజలైతే మొదటి గుక్కలో పులుపు గుచ్చుకుంటుంది, ఆ వెంటనే మధ్యలో ఏమీ లేనట్టు ఖాళీగా ఉంటుంది, మింగాక రుచి నిలవదు. ముదురుగా వేయించిన గింజలైతే పులుపు తక్కువగా ఉంటుంది, కానీ పల్చటి డికాక్షన్‌లో చేదు ఒక్కటే పైకి తేలుతుంది.

రెండో రకం చప్పదనం దీనికి సరిగ్గా ఎదురు. ఆల్కలినిటీ మరీ ఎక్కువైతే ఆమ్లమంతా చచ్చిపోతుంది. అప్పుడు కాఫీ మొద్దుగా, సుద్దముక్క నాకినట్టు ఉంటుంది, ఒక గింజకీ ఇంకో గింజకీ తేడా తెలియదు. ఆర్వో నీళ్లకు ఇది ఎందుకు వస్తుందని అడగవచ్చు. చివర్లో మినరల్ కార్ట్రిడ్జ్ లేదా ఆల్కలైన్ కార్ట్రిడ్జ్ పెట్టిన మెషిన్లలోనూ, వడకట్టని నీళ్లను కొంత కలిపే టీడీఎస్ కంట్రోలర్ బాగా తెరిచి ఉంచిన వాటిలోనూ వస్తుంది. రెండు సందర్భాల్లోనూ తాగేవాళ్లు చెప్పే మాట ఒకటే, "కాఫీ చప్పగా ఉంది" అని. మందు మాత్రం పూర్తిగా వేరు. ఒకదానికి వేయాలి, రెండోదానికి తగ్గించాలి. అందుకే ముందు మీ నీళ్లు ఏ వైపు ఉన్నాయో తేల్చుకోవాలి.

మొదటి అడుగు: మీ నీళ్లలో ఏముందో చూడడం

అందరి దగ్గరా ఉండేది టీడీఎస్ మీటర్. టీడీఎస్ అంటే నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం. మీటర్ నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి పీపీఎంలో, అంటే దాదాపుగా లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపిస్తుంది. సంచిలో ఏముందో చూడకుండా బరువు మాత్రం చెప్పినట్టు. 80 అని చూపిస్తే అది మామూలు ఉప్పు కావచ్చు, బైకార్బొనేట్ కావచ్చు. కాఫీలో ఈ రెండూ చేసే పని ఒకటి కాదు. అయినా ఆ మీటర్ ఒక విషయానికి పనికొస్తుంది. ఆర్వో నీళ్లు 30 లోపు చూపిస్తే అందులో ఏ లవణమైనా చెప్పుకోదగ్గంత లేనట్టే. అలాంటి నీళ్లను ఖాళీ పలకలా వాడుకోవచ్చు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మెషిన్ చాలాసేపు ఆగి ఉంటే మెంబ్రేన్‌కి అటువైపున్న లవణాలు మెల్లగా ఇటువైపు చేరతాయి. మళ్లీ ఆన్ చేశాక మొదట వచ్చే నీళ్లలో టీడీఎస్ ఎక్కువగా ఉంటుంది. కాసేపు నడవనిచ్చి, ఆ తర్వాత నీళ్లు పట్టి కొలవండి. నెలకోసారి ఇలా చూసి రాసిపెట్టుకుంటే మెంబ్రేన్ అరిగిపోతున్న సంగతి కూడా తెలుస్తుంది. అంకె క్రమంగా పెరుగుతూ పోతుంది.

అసలు తెలుసుకోవాల్సిన అంకెలు రెండు. ఒకటి కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం కలిపి ఎంత ఉన్నాయో. రెండోది ఆల్కలినిటీ. రెండింటినీ కాల్షియం కార్బొనేట్ లెక్కలో పీపీఎంగా చెబుతారు. చేపల తొట్టెల కోసం అమ్మే జీహెచ్, కేహెచ్ డ్రాప్ కిట్లు వీటిని కొలవడానికి సరిపోతాయి. జీహెచ్ కఠినత్వం, కేహెచ్ ఆల్కలినిటీ. చిన్న గాజు గొట్టంలో 5 మి.లీ. నీళ్లు పోసి, ఒక్కో చుక్కా వేస్తూ, మూత పెట్టి ఊపుతూ రంగు ఎప్పుడు మారుతుందో చూడాలి. చాలా కిట్లలో కేహెచ్ నీలం నుంచి పసుపుకి, జీహెచ్ నారింజ నుంచి ఆకుపచ్చకి మారుతుంది. ఒక్కో చుక్క ఒక డిగ్రీ, అంటే దాదాపు 18 పీపీఎం. 5 బదులు 10 మి.లీ. నీళ్లు తీసుకుంటే ఒక్కో చుక్క 9 పీపీఎం అవుతుంది, లెక్క ఇంకాస్త సన్నగా తెలుస్తుంది. నిజంగా ఖాళీ అయిన ఆర్వో నీళ్లలో కేహెచ్ మొదటి చుక్కకే పసుపు రంగు వస్తుంది, నీలం కనబడనే కనబడదు.

పీహెచ్ గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఆర్వో నీళ్ల పీహెచ్ తరచూ 7 కంటే తక్కువే ఉంటుంది. బైకార్బొనేట్‌ని ఆపే మెంబ్రేన్ కార్బన్ డయాక్సైడ్‌ని ఆపలేదు, అది నీళ్లతోపాటే ఇవతలికి వచ్చేస్తుంది. పైగా అణిచే శక్తి లేని నీళ్ల పీహెచ్ చిటికెడు కాఫీ పొడి తగిలినా మారిపోతుంది. ఆల్కలినిటీ తెలిస్తే చాలు.

లక్ష్యంగా ఏ అంకెలు పెట్టుకోవాలంటే, స్పెషాల్టీ కాఫీ సంఘం ఆల్కలినిటీని 40 పీపీఎం దగ్గర, కాల్షియం కఠినత్వాన్ని 68 దగ్గర, మొత్తం టీడీఎస్‌ని 150 దగ్గర పెట్టుకోమని ప్రమాణం రాసింది. దాన్ని మొదలుపెట్టే చోటుగా తీసుకుందాం, అక్కడి నుంచి నాలుకే చెబుతుంది.

రెండో అడుగు: రెండు సీసాలు తయారుచేసుకోవడం

కావలసినవి ఎప్సమ్ సాల్ట్, వంట సోడా, 0.1 గ్రాము చూపించే తూకం, 500 మి.లీ. గాజు సీసాలు రెండు, సూది లేని 1 మి.లీ. సిరంజి ఒకటి.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. తినడానికి పనికొచ్చే గ్రేడ్ అని ప్యాకెట్ మీద రాసి ఉండాలి. స్నానానికి అమ్మేవాటిలో సువాసనలు, రంగులు కలిపి ఉంటాయి, అవి వద్దు. సోడా కూడా వంట సోడాయే కావాలి. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లం, పిండి కలిసి ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. బట్టలు ఉతికే సోడా అసలే వద్దు.

మొదటి సీసాలో 12.3 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ వేసి, ఆర్వో నీళ్లు పోసి 500 మి.లీ. చేయండి. రెండో సీసాలో 8.4 గ్రాముల వంట సోడా వేసి అలాగే 500 మి.లీ. చేయండి. కరిగేదాకా ఊపి పేర్లు రాసి అంటించండి. ఈ బరువులు కావాలనే ఇలా ఎంచుకున్నవి. ఏ సీసాలోంచైనా 1 మి.లీ. తీసి లీటరు నీళ్లలో కలిపితే సరిగ్గా 10 పీపీఎం పెరుగుతుంది. మొదటి సీసా కఠినత్వాన్ని, రెండోది ఆల్కలినిటీని పెంచుతుంది. ఇక క్యాలిక్యులేటర్‌తో పని ఉండదు.

రెండూ ఒకే సీసాలో కలిపేస్తే సులువు కదా అనిపిస్తుంది. అలా చేయకండి. అంత చిక్కటి ద్రావణంలో మెగ్నీషియం, బైకార్బొనేట్ కలిసి ఉంటే కొన్నాళ్లకు మెగ్నీషియం కార్బొనేట్‌గా అడుగున పేరుకునే ప్రమాదం ఉంది. సీసా మసకబారిందంటే మీ కొలత పోయినట్టే. పైగా విడిగా ఉంటేనే ఒకదాన్ని కదిలించి రెండోదాన్ని అలాగే ఉంచగలం. రెండు సీసాల్నీ ఫ్రిజ్‌లో పెట్టుకోండి, తేటగా లేకపోయినా, ఏదైనా తేలుతున్నా పారబోసి కొత్తగా కలపండి. పదార్థం ఖరీదు చాలా తక్కువ, పాతదాన్ని కాపాడుకోవాల్సిన పని లేదు.

మూడో అడుగు: కప్పులోనే పరీక్ష

నాకు ఈ మొత్తం పనిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇది. లీటర్ల కొద్దీ నీళ్లు కలిపి, ప్రతిసారీ కొత్తగా కాచి, నిన్నటి రుచిని గుర్తు చేసుకుని పోల్చడం కష్టం. అంతకంటే సులువైన దారి ఉంది. బైకార్బొనేట్ చేసే పని ఆమ్లాన్ని అణచడం కాబట్టి, దాన్ని కాచే నీళ్లలో కలిపినా, కాచిన కాఫీలో కలిపినా ఫలితం చాలా దగ్గరగా ఉంటుంది.

15 గ్రాముల పొడితో, 250 గ్రాముల ఉత్త ఆర్వో నీళ్లతో, మీకు అలవాటైన పద్ధతిలో పాలు కలపని ఫిల్టర్ కాఫీ ఒకటి చేయండి. పొడి పీల్చుకున్నది పోగా 220 గ్రాముల దాకా చేతికొస్తుంది. రెండు కప్పుల్లో తలా 100 మి.లీ. పోయండి. ఒకటి అలాగే ఉంచండి, పోల్చుకోవడానికి. గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి, మరీ వేడిగా ఉన్నప్పుడు పులుపు సరిగా తెలియదు.

ఇప్పుడు రెండో కప్పులో సోడా సీసా నుంచి 0.1 మి.లీ. వేసి కలపండి. 100 మి.లీ.లో అది 10 పీపీఎం. ఒక గుక్క ఇది, ఒక గుక్క అది. మళ్లీ 0.1 వేయండి. సాధారణంగా రెండో, మూడో మోతాదు దగ్గర తేడా తెలుస్తుంది. గుచ్చుకునే పులుపు పక్కకు తగ్గి, దాని వెనక దాక్కున్న తీపి బయటికి వస్తుంది. నాలుగు, ఐదు దగ్గర కాఫీ గుండ్రంగా, నిండుగా ఉంటుంది. ఏడెనిమిది దాటాక పండు వాసనలు మాసిపోయి, ఇందాక చెప్పిన సుద్ద రుచి మొదలవుతుంది. ఎక్కడ బాగుందో ఆ అంకె రాసుకోండి. గుక్కలు తీసుకుంటున్న కొద్దీ కప్పు తరిగి ఒక్కో మోతాదు బలం పెరుగుతుంది కాబట్టి చెంచాతో చిన్న చిన్న గుక్కలే తీసుకోవాలి.

మొదటి మోతాదుకే కాఫీ ఇంకా మొద్దుబారిందనుకోండి, మీ నీళ్లది రెండో రకం చప్పదనం. ఆల్కలినిటీ అప్పటికే ఎక్కువగా ఉంది. కార్ట్రిడ్జ్‌నో కంట్రోలర్‌నో చూడాలి, సోడా కలపకూడదు.

గింజల్ని బట్టి కూడా ఈ అంకె మారుతుంది. ముదురుగా వేయించిన వాటిలో ఆమ్లం తక్కువ కాబట్టి మొద్దుబారే చోటు త్వరగా వస్తుంది. వాటికి 20, 30 దగ్గరే ఆగాల్సి రావచ్చు.

సోడా మోతాదు తేలాక అదే కప్పులో ఎప్సమ్ సీసా నుంచి 0.1 చొప్పున మొదలుపెట్టండి. ఇక్కడ తేడా అంత కొట్టొచ్చినట్టు ఉండదు. నాలుక మీద కాస్త బరువు, మింగాక కాస్త ఎక్కువసేపు నిలిచే రుచి, అంతే. 2014లో క్రిస్టఫర్ హెండన్, లెస్లీ, మాక్స్‌వెల్ కొలోనా-డాష్‌వుడ్‌లు కలిసి ప్రచురించిన పత్రం మెగ్నీషియం, కాల్షియం అయాన్లు కాఫీలోని రుచి పదార్థాలను ఎంత గట్టిగా పట్టుకుంటాయో లెక్కగట్టింది. మెగ్నీషియం ఖ్యాతి చాలావరకు అక్కడి నుంచే వచ్చింది. అది కంప్యూటర్ మీద వేసిన లెక్క, కప్పులో రుచి చూసి చెప్పింది కాదు. కప్పులో చూస్తే ఆల్కలినిటీ మార్పు ముందు కఠినత్వం మార్పు చిన్నదే అని నా అభిప్రాయం. మెగ్నీషియం అతిగా వేస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది, నాలుక ఎండినట్టు వగరుగా, చేదుగా ఉంటుంది.

నాలుగో అడుగు: క్యాన్ నిండా కలుపుకోవడం

మీ కప్పులో సోడా నాలుగు మోతాదులు, ఎప్సమ్ ఆరు మోతాదులు నచ్చాయనుకుందాం. అంటే ఆల్కలినిటీ 40, కఠినత్వం 60. లీటరుకు సోడా సీసా నుంచి 4 మి.లీ., ఎప్సమ్ సీసా నుంచి 6 మి.లీ. 5 లీటర్ల క్యాన్‌కి 20, 30. ముందు క్యాన్‌లో సగం పైగా నీళ్లు పోసి, ఒకటి కలిపి ఊపి, తర్వాత రెండోది వేసి నింపండి. పల్చటి నీళ్లలో ఇవి రెండూ కలిసి ఉన్నా తేటగానే ఉంటాయి.

కలిపాక టీడీఎస్ మీటర్ పెడితే, ఆర్వో నీళ్లు మొదట 18 చూపించి ఉంటే, ఇప్పుడు 120 నుంచి 180 మధ్య ఎక్కడో చూపిస్తుంది. ఇంత తేడా మీటర్లలో వాడే గుణకం వల్ల. మీ మీటర్‌లో ఎంత వచ్చిందో రాసుకుని, తర్వాతి క్యాన్‌కి అంతే వస్తోందో లేదో చూసుకోండి. కొలతలో తప్పు జరిగితే అక్కడే దొరికిపోతుంది.

ఈ నీళ్లతో మొదటి కాఫీ చేసినప్పుడు కప్పులో పరీక్షించిన రుచికీ దీనికీ చిన్న తేడా ఉండొచ్చు, పొడి మీద నీళ్లు పనిచేసే దశలో కూడా ఖనిజాలు కొంత ప్రభావం చూపుతాయి కాబట్టి. లీటరుకు అర మి.లీ. అటూ ఇటూ జరిపితే సరిపోతుంది. కెటిల్‌లో మిగిలిన నీళ్లను పదే పదే మరగబెట్టకండి. మరిగిన కొద్దీ కార్బన్ డయాక్సైడ్ పోయి బైకార్బొనేట్ కార్బొనేట్‌గా మారుతుంది, నీళ్లు తగ్గి ఖనిజాలు చిక్కబడతాయి, అంకె మారిపోతుంది.

ఆరోగ్యం సంగతి ఒక మాట. ఈ మోతాదులో లీటరుకు పడే ఎప్సమ్ సాల్ట్ 150 మిల్లీగ్రాముల లోపే, సోడియం దాదాపు 18 మిల్లీగ్రాములు. మామూలుగా ఇవి చిన్న మొత్తాలు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, మెగ్నీషియం లేదా సోడియం తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు ముందు ఆయన్ని అడిగే మొదలుపెట్టాలి.

సీసాలు వద్దనుకుంటే

ప్యూరిఫయర్‌లోకి వచ్చే నీళ్లనే కొంచెం కలుపుకోవడం ఇంకో దారి. టీడీఎస్ కంట్రోలర్ చేసేది అదే. ఆ నీళ్ల కఠినత్వం 300, ఆల్కలినిటీ 250 అనుకుందాం. ఒక వంతు అవి, ఐదు వంతులు ఆర్వో నీళ్లు కలిపితే కఠినత్వం 50, ఆల్కలినిటీ 42 దగ్గరికి వస్తాయి. అంకెలు బాగానే కుదిరాయి. కానీ అవే నీళ్లలో ఉన్న ఉప్పులో ఆరో వంతు కూడా వస్తుంది. వచ్చే నీళ్లు ఉప్పగా ఉంటే కాఫీ కూడా ఆ ఛాయతో ఉంటుంది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ ఉన్నాయనే ఆర్వో పెట్టుకున్నవాళ్లు ఈ దారి పూర్తిగా మర్చిపోవాలి. మరగబెట్టినంత మాత్రాన అవి పోవు.

మినరల్ కార్ట్రిడ్జ్ మీద నాకు అంత నమ్మకం లేదు. చాలావాటిలో ఉండేది కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. ఆర్వో నీళ్లు దాని మీదుగా పోతూ కొంచెం కరిగించుకుంటాయి. రాత్రంతా అందులో నిలిచిన నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, వరసగా పట్టుకుంటే తక్కువ కరుగుతుంది. పొద్దున కాఫీ ఒకలా, సాయంత్రం కాఫీ ఇంకోలా ఉంటోందంటే ముందు దీన్నే చూడండి. పైగా అది కఠినత్వాన్నీ ఆల్కలినిటీనీ సమానంగా పెంచుతుంది, ఒకటి ఆపి ఇంకోటి పెంచే వీలుండదు.

ఎస్ప్రెసో మెషిన్ ఉన్నవాళ్లకు

బాయిలర్‌లో నీటిమట్టం చూసే సెన్సర్లు చాలావరకు నీటిలో కరెంటు పారడం మీద ఆధారపడతాయి. లవణాలు లేని నీళ్లు పోస్తే బాయిలర్ నిండినా సెన్సర్‌కి తెలియదు, మెషిన్ నింపుతూనే ఉంటుంది. పైగా అణిచే శక్తి లేని నీళ్లు లోహాన్ని తినేస్తాయి. అందుకే మెషిన్‌లో ఉత్త ఆర్వో నీళ్లు వాడకూడదు. మరోవైపు కాల్షియం, బైకార్బొనేట్ రెండూ ఎక్కువగా ఉంటే పొర కడుతుంది. మెషిన్ కోసం చాలామంది ఎప్సమ్ వదిలేసి బైకార్బొనేట్ ఒక్కటే కలుపుతారు. లీటరుకు సోడా సీసా నుంచి 5 మి.లీ. అంటే ఆల్కలినిటీ 50. కాల్షియం, మెగ్నీషియం లేవు కాబట్టి పొర కట్టే అవకాశం ఉండదు, సెన్సర్‌కి నీళ్లు కనబడతాయి. కలపబోయే ముందు మెషిన్ పుస్తకంలో నీటి గురించి రాసిన పేజీ చూసి, తయారీదారు పెట్టిన హద్దుల్లో ఈ అంకె ఉందో లేదో సరిచూసుకోండి.